ఏ కుప్ప ముందు?

యాసంగి కోతలు మొదలైతే కరీంనగర్ చుట్టుపక్కల వడ్ల కొనుగోలు సెంటర్లలో పొద్దున్నే ఒకటే పంచాయితీ. ఒక రైతు వచ్చి, "అక్కా, నాయి ఇరవై సంచులే. ముందుగాల జోకియ్యరాదే?" అంటాడు. వెనకున్న రైతు ఊరుకోడు. "నేను తెల్లారకముందే వచ్చి సీరియల్ రాయించుకున్న. నా కుప్ప ఎందుకాగాలె?" అంటాడు. మహిళా సంఘం తరఫున సెంటర్ నడిపే అక్క ఇద్దరి మధ్యా నిలబడాలి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టి గొంతు పెద్దదైన వాళ్ల కుప్పే ముందు కదులుతుంది.

ఈ పంచాయితీని కాగితం మీద లెక్క వేసి తేల్చవచ్చు. ఆ లెక్క ఎలా వేయాలో, ఎక్కడిదాకా నమ్మాలో ఈ అధ్యాయంలో చూద్దాం. మీది వడ్ల సెంటరే కానక్కర్లేదు. కటింగ్ అయ్యాక కుట్టు మిషన్‌కు వెళ్లే బట్టలైనా, చెక్కడం అయ్యాక రంగుల గదికి వెళ్లే నిర్మల్ బొమ్మలైనా లెక్క ఇదే. ప్రతి పనీ ముందు ఒక చోట, తర్వాత రెండో చోట జరగాలి, రెండు చోట్లా ఒకసారికి ఒక పనే పట్టాలి. అంతే షరతు.

ముందుగా సెంటర్ ఎలా నడుస్తుందో చూడండి. తేమ పదిహేడు శాతానికి మించిన వడ్లు అసలు వరుసలోకే రావు, ఇంకా ఆరబోయాలి. తేమ సరిపోయిన కుప్ప దగ్గరికి ప్యాడీ క్లీనర్ వస్తుంది, తాలు, చెత్త పోతాయి. తర్వాత హమాలీలు సంచుల్లో నింపి కాంటా పెడతారు. మన సెంటర్‌లో ఒకే క్లీనర్, ఒకే కాంటా ఉన్నాయనుకుందాం. నలభై కిలోల సంచి నింపి, జోకి, పక్కకు పెట్టడానికి ఒక నిమిషం పడుతుందనుకుందాం. కాబట్టి కాంటా మీద పట్టే సమయం సంచుల లెక్కను బట్టి ఉంటుంది. క్లీనర్ మీద పట్టే సమయం మాత్రం అలా కాదు. హార్వెస్టర్ గాలి బాగా పెట్టి కోసిన వడ్లు ఇట్టే పోతాయి. వానకు తడిసి, ఎండి, తాలు ఎక్కువైన కుప్ప చిన్నదైనా ఒకటికి రెండుసార్లు పట్టాల్సి వస్తుంది. కథంతా ఈ తేడాలోనే ఉంది.

ఉదాహరణకు ఒక పొద్దున ఎనిమిదింటికి ఐదు కుప్పలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని క, చ, ట, త, ప అందాం. సమయాలు నిమిషాల్లో ఇవి:

క: క్లీనర్ 60, కాంటా 90
చ: క్లీనర్ 40, కాంటా 20
ట: క్లీనర్ 20, కాంటా 50
త: క్లీనర్ 80, కాంటా 60
ప: క్లీనర్ 30, కాంటా 30

సీరియల్ రాయించుకున్న వరుస త, క, చ, ట, ప. ముందు ఇదే వరుసలో నడిపి చూద్దాం. త కుప్ప క్లీనర్ మీద 80 నిమిషాలు ఉంటుంది. అప్పటిదాకా కాంటా దగ్గర హమాలీలు ఊరికే కూర్చుంటారు. 80వ నిమిషం నుంచి 140 దాకా త జోకుడు. ఈలోగా క కుప్ప క్లీనర్ మీద ఉంది, 140కి శుభ్రమై వచ్చింది, 230కి జోకడం అయింది. ఆ తర్వాత చ 250కి, ట 300కి, ప 330కి అవుతాయి. అంటే ఆఖరి రైతు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు బయటపడతాడు.

ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలున్నాయి. వాటిని కలిపేస్తే పంచాయితీ ఎప్పటికీ తెగదు. మొదటిది, ఆఖరి సంచి ఎప్పుడు జోకారు అన్నది. అది 330 నిమిషాలు. హమాలీల కూలికీ, లారీ డ్రైవర్‌కూ కావలసింది ఇదే. రెండోది, ఐదుగురూ ఎంతసేపు కాచుకున్నారు అన్నది. ఒక్కొక్కరి పని ముగిసిన నిమిషాలన్నీ కూడితే 140, 230, 250, 300, 330 కలిసి 1250. తలకు సగటున 250 నిమిషాలు, అంటే నాలుగు గంటలపైన. రైతుకు తగిలేది ఈ రెండో లెక్క. ఈ అధ్యాయంలో తగ్గించాలనుకుంటున్నదీ దీన్నే.

తక్కువ సమయం పట్టేది ముందు అన్న సూత్రం ఎందుకు పనిచేస్తుందో చూడండి. వరుసలో మొదట నిలిచిన కుప్ప మీద గడిచే ప్రతి నిమిషాన్నీ ఐదుగురూ మోస్తారు. రెండోదాని నిమిషాలను నలుగురు, మూడోదాన్ని ముగ్గురు మోస్తారు. ఆఖరిదాన్ని దాని యజమాని ఒక్కడే మోస్తాడు. ఐదుగురి మీద పడే చోట ఎనభై నిమిషాల పనిని పెట్టడం కంటే ఇరవై నిమిషాల పనిని పెట్టడం మేలని వేరే చెప్పక్కర్లేదు. మిషన్ ఒకటే ఉంటే ఈ సూత్రం తిరుగులేనిది. పక్కపక్కన ఉన్న రెండు పనుల్లో పెద్దది ముందుంటే వాటిని తారుమారు చేయండి, మొత్తం ఎప్పుడూ తగ్గుతుంది.

రెండు మిషన్లుంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: ఏ సమయం తక్కువ? క్లీనర్ మీదదా, కాంటా మీదదా, రెండూ కలిపా? నా సలహా, మొదట క్లీనర్ సమయంతో మొదలుపెట్టండి. క్లీనర్ దాటకుండా కాంటాకు పని రాదు కాబట్టి పొద్దున హమాలీలు ఖాళీగా కూర్చునే సమయాన్ని తగ్గించేది అదే. అలా పేరిస్తే వరుస ట, ప, చ, క, త. ట 20కే కాంటా ఎక్కి 70కి దిగుతుంది. ప 50కే సిద్ధమైనా 70 దాకా ఆగి, 100కి అవుతుంది. చ 120కి అవుతుంది. క 150కి క్లీనర్ దాటి 240కి అవుతుంది. త 240 నుంచి 300 దాకా. మొత్తం 70, 100, 120, 240, 300 కలిపి 830.

1250 నుంచి 830కి వచ్చాం. కొత్త మిషన్ రాలేదు, హమాలీలు పెరగలేదు, ఎవరూ గబగబా పనిచేయలేదు. ఆఖరి సంచి కూడా 330కి బదులు 300కే పడింది.

ఇంతకంటే మంచి వరుస ఉందా? ఐదు కుప్పలను 120 రకాలుగా పేర్చవచ్చు, అన్నీ వేసి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. కుప్ప క్లీనర్ దాటాక కనీసం తన కాంటా సమయమైనా గడవాలి కదా. కాబట్టి ఏ వరుసలోనైనా మొత్తం, క్లీనర్ మీద ముగిసే నిమిషాల కూడికకు కాంటా సమయాలన్నీ కలిపితే వచ్చేదానికంటే తగ్గదు. క్లీనర్ మీద అతి తక్కువ కూడిక చిన్నవి ముందు పెడితే వచ్చేదే: 20, 50, 90, 150, 230 కలిపి 540. కాంటా సమయాలన్నీ కలిపి 250. రెండూ కలిస్తే 790. మీరు భూమ్యాకాశాలు ఏకం చేసినా 790 కిందికి రాలేరు. మీ దగ్గర 830 ఉంది. ఇంకా వెతికితే దొరికేది మహా అయితే ఐదుగురికీ కలిపి నలభై నిమిషాలు. ఈ పరీక్ష వేసుకున్నవాళ్లకు ఎప్పుడు వెతకడం ఆపాలో తెలుస్తుంది. నాకు ఈ పద్ధతి మొత్తంలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

అయినా ఒక చిన్న మార్పు చేయవచ్చు. ట కుప్పను జోకుతున్నప్పుడు, 70వ నిమిషం దాకా, కాంటా తీరిక లేకుండా ఉంది. ప, చ రెండింటిలో ఏది ముందు శుభ్రమైనా 70 దాకా ఆగక తప్పదు. అంటే ఆ కాసేపు క్లీనర్ సమయాల తేడాకు అర్థం లేదు, అక్కడ చూడాల్సింది కాంటా సమయాలు. చకు 20, పకు 30. కాబట్టి చ ముందు. ట, చ, ప, క, త వరుసలో 70, 90, 120, 240, 300 కలిపి 820. ఈ ఐదింటికీ ఇంతకన్నా మంచి వరుస లేదు. దీన్నుంచి గుర్తుపెట్టుకోవలసింది ఇది: కాంటా ఖాళీగా ఉండి పని కోసం చూస్తుంటే క్లీనర్ సమయం చూసి చిన్నదాన్ని ముందుకు తెండి. శుభ్రమైన కుప్పలు కాంటా ముందు పోగుపడి ఉంటే కాంటా సమయం చూసి చిన్నదాన్ని ముందుకు తెండి. జనం ఎక్కడ ఆగి ఉన్నారో ఆ మిషన్ సమయాలనే నమ్మాలి.

పుస్తకాల్లో రెండు మిషన్ల వరుస అనగానే సెల్మర్ జాన్సన్ పేరు వస్తుంది. ఆయన 1954లో చెప్పిన పద్ధతి ఇది. ఉన్న సమయాలన్నిటిలో అతి చిన్నదాన్ని పట్టుకోండి. అది మొదటి మిషన్‌ది అయితే ఆ పనిని వరుసలో ముందు పెట్టండి, రెండో మిషన్‌ది అయితే చివర పెట్టండి. మిగిలినవాటితో మళ్లీ అలాగే చేయండి. మన కుప్పలకు వాడితే ట, ప, క, త, చ వస్తుంది. ఆఖరి సంచి 280కే పడుతుంది, విడగొట్టకుండా జోకితే ఇంతకంటే ముందు ఏ వరుసలోనూ పడదు. కానీ కాచుకున్న నిమిషాల మొత్తం 70, 100, 200, 260, 280 కలిపి 910. మన 820 కంటే తొంభై ఎక్కువ. ఆ భారమంతా మోసింది ఎవరో చూడండి. ఇరవై సంచుల చ రైతు 90కి బయటపడాల్సినవాడు 280 దాకా కూర్చున్నాడు. జాన్సన్ పద్ధతి తప్పని కాదు, అది మొదటి లెక్కకు పుట్టింది. హమాలీలకు ఇంకో ఊళ్లో పని ఉండి, త్వరగా అంతా ముగించి బయలుదేరాలంటే అదే సరైనది. రైతుల నిరీక్షణ తగ్గించాలని బయలుదేరి జాన్సన్ వరుస వేయడమే చాలామంది చేసే పొరపాటు.

రెండో లెక్కకు అలాంటి చక్కని సూత్రం ఎందుకు లేదంటే, దొరికే ఆశ దాదాపు లేదు గనుక. 1976లో మైకేల్ గేరీ, డేవిడ్ జాన్సన్, రవి సేఠి ఈ సమస్య గణితంలో అతి కఠినమైన సమస్యల జాతికి చెందిందని నిరూపించారు. పది కుప్పలకే 36,28,800 వరుసలు. అందుకే మంచి వరుసతో మొదలుపెట్టి, 790 లాంటి హద్దు ఎంత దూరంలో ఉందో చూసుకుని, పక్కపక్కవాటిని ఒకటి రెండుసార్లు మార్చి చూసి ఆపేయడం తెలివైన పని.

ఇప్పటిదాకా కుప్ప మొత్తం శుభ్రమయ్యాకే జోకడం మొదలవుతుందని అనుకున్నాం. నిజంగా అలా ఉండక్కర్లేదు. పెద్ద కుప్పలో సగం శుభ్రం కాగానే ఆ సగాన్ని జోకడం మొదలుపెట్టవచ్చు. మన వరుసలో క కుప్ప 90కి క్లీనర్ ఎక్కుతుంది. సగం 120కి సిద్ధం, కాంటా కూడా సరిగ్గా 120కే ఖాళీ అవుతుంది. మొదటి నలభై ఐదు సంచులు 165కి, మిగిలినవి 210కి అవుతాయి. త కుప్పను కూడా అలాగే విడగొడితే మొదటి సగం 210 నుంచి 240 దాకా, రెండో సగం 270కి. మొత్తం 70, 90, 120, 210, 270 కలిపి 760. ఆఖరి సంచి 270కే పడింది, జాన్సన్ వరుస కంటే కూడా పది నిమిషాలు ముందు. 790 హద్దు ఎలా దాటామని అడుగుతారేమో. ఆ హద్దు కుప్పను విడగొట్టకూడదన్న షరతు మీద నిలబడింది, మనం ఆ షరతునే తీసేశాం. చిన్నవి ముందు పెట్టడం, పెద్దవి విడగొట్టడం, ఈ రెండూ కలిస్తే హమాలీలకూ రైతులకూ ఒకేసారి మేలు జరుగుతుంది. ఒక్క జాగ్రత్త: విడగొట్టిన కుప్ప సంచుల మీద, చిట్టీ మీద ఒకే పేరు ఉండేలా చూడాలి, లేకపోతే లెక్క తప్పిపోతుంది.

ఇక న్యాయం సంగతి. కొత్త వరుసలో చ రైతు 250 నుంచి 90కి, ట రైతు 300 నుంచి 70కి, ప రైతు 330 నుంచి 120కి వచ్చారు. క రైతు కూడా 230 నుంచి 210కి వచ్చాడు. నష్టపోయింది త ఒక్కడే. అతను 140కి ఇంటికి పోవాల్సింది, ఇప్పుడు 270 దాకా ఉండాలి. పైగా సీరియల్‌లో మొదటివాడు అతనే. ఈ నిజాన్ని దాచిపెట్టి వరుస మారిస్తే మర్నాడు సెంటర్ నడవదు. పొద్దున పని మొదలుకాకముందే ఐదుగురినీ కూర్చోబెట్టి ఈ కాగితం చూపించాలి. త రైతుకు పదకొండు దాకా మళ్లీ రావక్కర్లేదని చెప్పవచ్చు. అతని కుప్ప క్లీనర్ ఎక్కేదే పదిన్నరకు, కాంటా ఎక్కేది పదకొండున్నరకు. కుప్ప దగ్గర ఇంట్లోవాళ్లెవరైనా ఉంటే చాలు. ఇంకొక నియమం తప్పనిసరి: ఆ రోజు పొద్దున రాసిన కుప్పల మధ్యే వరుస మార్చాలి. తర్వాత వచ్చే చిన్న కుప్పలను కూడా ముందుకు జరుపుతూ పోతే పెద్ద కుప్ప రోజుల తరబడి అక్కడే ఉండిపోతుంది. చిన్నది ముందు అన్న సూత్రానికి ఉన్న అసలైన చెడు గుణం ఇదే. అలా జరుగుతోందని ఎలా తెలుస్తుందంటే, సీరియల్ పుస్తకంలో నిన్నటి తారీఖు పేర్లు ఇవాళ కొట్టేయకుండా మిగిలి ఉంటాయి.

మబ్బు పట్టినప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు ఎంతమంది బయటపడ్డారన్నది ముఖ్యం కాదు, వాన పడేలోపు ఎన్ని వడ్లు సంచుల్లోకి చేరాయన్నది ముఖ్యం. 1956లో డబ్ల్యు. ఇ. స్మిత్ ఒకే మిషన్‌కు చూపించిన దారి ఇక్కడ పనికొస్తుంది. ప్రతి పని సమయాన్ని దాని బరువుతో భాగించి, తక్కువ వచ్చినదాన్ని ముందు పెట్టాలి. ఇక్కడ బరువంటే సంచులు. కాంటా మీద అన్ని కుప్పలకూ సంచికి ఒక నిమిషమే కాబట్టి తేడా క్లీనర్ మీదే తేలుతుంది. సంచికి ట కుప్పకు 0.4 నిమిషం, కకు 0.67, పకు 1, తకు 1.33, చకు 2. కాబట్టి మబ్బు రోజున వరుస ట, క, ప, త, చ. తాలు ఎక్కువున్న ఇరవై సంచుల కుప్ప ఈసారి చివరికి పోతుంది, దాని మీద పరదా ముందు కప్పండి.

వేసిన లెక్క నేల మీద తప్పడానికి రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. క్లీనర్‌ను ఒక కుప్ప దగ్గర్నుంచి ఇంకో కుప్ప దగ్గరికి లాక్కెళ్లి, కరెంటు వైరు మార్చి, మళ్లీ నడిపే సమయం ఒకటి. అది ఐదు నిమిషాలైతే ప్రతి కుప్ప క్లీనర్ సమయంలో ఐదు కలపండి, క్లీనర్ సమయాలతో పేర్చిన వరుస మారదు. ఆవరణ ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాలు పడుతుంటే మాత్రం పక్కపక్క కుప్పలను కలిపి ఒకే పనిగా లెక్కించడం మేలు. రెండోది లారీ. జోకిన సంచులు లారీ కోసం రెండు రోజులు అక్కడే పడి ఉంటే ఇరుకు దారి కాంటా దగ్గర లేదు, మిల్లు దారిలో ఉంది. క్లీనర్ ముందు వరుస ఎంత చక్కగా పేర్చినా రైతు ఇంటికి ముందుగా పోడు. గోనె సంచులు అయిపోయినప్పుడూ అంతే. కాబట్టి మొదట రెండు రోజులు వరుస ముట్టుకోకుండా ప్రతి కుప్పకూ క్లీనర్ ఎక్కిన, దిగిన, కాంటా ఎక్కిన, దిగిన సమయాలు మాత్రం రాయండి. కాంటా దిగినప్పటి నుంచి లారీ ఎక్కేదాకా గడిచిన సమయమే అన్నిటికంటే పెద్దదని తేలితే ఈ లెక్క పక్కన పెట్టి ముందు లారీ సంగతి చూడండి.

ఆదిలాబాద్ వైపు పత్తి సీజన్‌లో ఇదే పద్ధతి వాడాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. జిన్నింగ్ మిల్లు గేటు ముందు నిలబడ్డ బండ్ల వరుస చూస్తే ఇదీ రెండు మెట్ల పనే అనిపిస్తుంది, ముందు కాంటా, తర్వాత దించడం. కానీ పత్తి దించాక ఖాళీ బండి తూకానికి మళ్లీ అదే వేబ్రిడ్జి ఎక్కాలి. నిండు బండ్లు, ఖాళీ బండ్లు ఒకే కాంటా కోసం పోటీ పడతాయి కాబట్టి పైన చెప్పిన లెక్కలేవీ ఉన్నవున్నట్టు అక్కడ చెల్లవు. అక్కడ మొదట తేల్చవలసింది, లోపల పత్తి దించే చోటు ఖాళీగా ఉందా అన్నది. ఖాళీగా ఉంటే నిండు బండిని ముందు ఎక్కించాలి, దించే చోటుకు పని అందుతుంది. దించే చోటు నిండి ఉంటే నిండు బండిని ఎక్కించినా అది లోపల ఆగడమే, కాబట్టి ఖాళీ బండినే ముందు తూచి పంపాలి. ఆ రైతుకు మిగిలింది ఆ ఒక్క తూకమే, దానికి రెండు నిమిషాలు చాలు.